నల్లబల్ల మీద వంకాయ: స్పెయిన్ హోటల్ మెనూ చదివే పద్ధతి

మాడ్రిడ్‌లో మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఏ సందులోకి తిరిగినా హోటల్ గుమ్మం పక్కన ఒక నల్లబల్ల కనిపిస్తుంది. దాని మీద సుద్దతో రాసిన పది పన్నెండు వరుసలు, అడుగున ఒకే ఒక ధర. మా అమ్మతో కలిసి వెళ్ళినప్పుడు అలాంటి బల్ల ముందు నిలబడి ఫోన్‌లో అనువాదం చూశాను. ఒక వరుసకి ‘నింపిన వంకాయ’ అని వచ్చింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. మూడు రోజులుగా బ్రెడ్డు, బంగాళాదుంప ఆమ్లెట్టుతో నెట్టుకొస్తున్న మనిషికి గుత్తి వంకాయ లాంటిది దొరికిందంటే మాటలా! పళ్ళెం వచ్చింది. వంకాయను నిలువుగా రెండు చెక్కలు చేసి, లోపలి గుజ్జు తీసి, మళ్ళీ నింపి, పైన చీజ్ వేసి ఓవెన్‌లో ఎర్రగా కాల్చారు. ఫోర్కుతో చీజ్ పొర తొలగించి చూస్తే లోపలంతా కీమా. అమ్మ ఏమీ అనలేదు. పళ్ళెం నా వైపు జరిపి బ్రెడ్డు తుంచుకుంది.

అనువాదం తప్పేమీ కాదు. బెరెన్‌హేనా అంటే వంకాయే, రెయేనా అంటే నింపినదే. దేనితో నింపారో బల్ల మీద రాయలేదు. మన దగ్గర పూర్ణం బూరె అని రాస్తే లోపల శనగపప్పు, బెల్లం ఉంటాయని విడిగా రాస్తామా? అక్కడ వంకాయలో కీమా పెట్టడం అంత మామూలు. కాబట్టి స్పానిష్ మెనూలో రాసిన మాటలు తెలుసుకోవడం సగం పనే. అక్కడివాళ్ళకు తెలుసు కదా అని రాయకుండా వదిలేసినవి పట్టుకోవడం మిగతా సగం.

ముందుగా ఆ బల్ల సంగతి. దాన్ని మెనూ దెల్ దియా అంటారు, ‘ఆ రోజు భోజనం’ అని అర్థం. 1960ల మధ్యలో పర్యాటక శాఖ మంత్రిగా ఉన్న మాన్యుయెల్ ఫ్రాగా కాలంలో హోటళ్ళు ఒకే ధరకు పూర్తి భోజనం పెట్టాలన్న నియమం వచ్చింది. దాని వారసత్వమే ఇది. ఇక్కడే మనం పొరబడతాం. స్పెయిన్‌లో కూర్చుని ‘మెనూ’ అని అడిగితే ఈ ఫిక్స్‌డ్ భోజనమే అడిగినట్టు. వంటకాల పట్టిక కావాలంటే ‘లా కార్తా’ అనాలి. బల్ల మీద ప్రిమేరోస్ కింద ఉన్నవాటిలో ఒకటి, సెగూందోస్ కింద ఉన్నవాటిలో ఒకటి ఎంచుకుంటాం. చివర పోస్త్రే, అంటే తీపి. అడుగున ‘పోస్త్రే ఓ కాఫే’ అని ఉంటే ఆ చిన్న ‘ఓ’కి ‘లేదా’ అని అర్థం. తీపి, కాఫీ రెండూ తీసుకుంటే రెండోదానికి వేరే డబ్బు కట్టాలి.

వంటకాల పేర్లు కట్టే తీరు మనకు కొత్త కాదు. మనం బెండకాయ వేపుడు, చేపల పులుసు, రొయ్యల ఇగురు అంటాం. ముందు వస్తువు, తర్వాత వండిన పద్ధతి. స్పానిష్‌లోనూ అదే వరుస, మధ్యలో ఒక చిన్న మాట మన విభక్తిలా కూర్చుంటుంది, అంతే. ‘పోయో అల్ అహీయో’లో పోయో కోడి, అహీయో వెల్లుల్లి వేసి వేయించిన పద్ధతి. కోన్ అంటే ‘తో’, సిన్ అంటే ‘లేకుండా’, దే అంటే ‘యొక్క’, ఎన్ అంటే ‘లో’. ఈ నాలుగూ, ‘ఆ లా’ లేక ‘అల్’ అనే ఇంకొకటీ గుర్తుంటే ఏ వరుసనైనా విడదీయవచ్చు. రాతలో ఎల్ అక్షరం జంటగా వస్తే యకారం, జె వస్తే గొంతులోంచి హకారం, వి వస్తే బకారం, హెచ్ వస్తే అసలు పలకరు. ఎన్ మీద చిన్న అల ఉంటే అది మన ‘ఞ’కి దగ్గరి ధ్వని. హామ్‌ని హమోన్ అని పలికేది అందుకే.

ఇప్పుడు ఆ బల్లను పైనుంచి చదువుదాం. మొదటి వరుస లెంతేహాస్ ఎస్తోఫాదాస్. లెంతేహాస్ మసూరు జాతి పప్పు, తొక్కతో ఉంటుంది. ఎస్తోఫాదో అంటే మూత పెట్టి సన్నని సెగ మీద మగ్గించినది. గిసాదో కూడా ఇంచుమించు అలాంటి పులుసు వంటే. వినడానికి శుద్ధ శాకాహారం. కానీ ఆ కుండలో చోరీథో అనే పంది మాంసం సాసేజ్ వేయడం రివాజు, పేరులో దాని ప్రస్తావన ఉండదు. రెండోది హుదీయాస్ బెర్దేస్ కోన్ హమోన్. ‘కోన్’ దగ్గర ఆగితే చాలు, బీన్స్ కూర హామ్ ముక్కలతో అని తెలిసిపోతుంది. నిజానికి ఇదే నయం, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మూడోది ఎన్సలాదా మిక్స్‌తా, మిశ్రమ సలాడ్. ఆకులూ టమాటాల మీద ట్యూనా చేప, ఉడికించిన గుడ్డు వేసి తెస్తారు.

సెగూందోస్‌లోకి వస్తే మెర్లూథా ఆ లా రొమానా. మెర్లూథా ఒక తెల్లచేప. ‘ఆ లా’ తర్వాత ఊరి పేరో దేశం పేరో వస్తే వండే శైలి చెబుతున్నారన్నమాట, ఊహించి పట్టుకోలేం. రొమానా అంటే పిండి, గుడ్డు పట్టించి నూనెలో వేయించడం. అదే ఆందలూథా అని ఉంటే మామూలుగా పిండి మాత్రమే దొర్లించి వేయిస్తారు. గుడ్డు పడనివాళ్ళకు ఆ ఒక్క మాట ముఖ్యం. గయేగా అంటే గలీసియా ప్రాంతపు పద్ధతి, ఆక్టోపస్ మీద ఎర్ర పొడి, ఆలివ్ నూనె, దొడ్డుప్పు. ఆ ఎర్రటి పొడిని చూసి మనవాళ్ళు కారం అనుకుంటారు. అది పిమెంతోన్, ఎక్కువగా తియ్యని రకమే వాడతారు. కారం ఉంటే పికాంతే అంటారు.

పద్ధతుల్లో తరచూ కనిపించే మరో రెండు ప్లాంచా, బ్రాసా. ప్లాంచా పెద్ద ఇనుప పెనం, కొద్ది నూనెతో కాలుస్తారు. బ్రాసా నిప్పుల మీద కాల్చడం. కూరగాయలు ఆ లా ప్లాంచా తీసుకుంటే అమ్మకి భయం ఉండదని నేను అనుకున్నాను గాని, అదే పెనం మీద అంతకుముందు మాంసం కాల్చి ఉండవచ్చు. అది పట్టింపు ఉన్నవాళ్ళు ముందే తెలుసుకోవాలి.

మాంసం తినేవాళ్ళకూ ఒక మాట. గొడ్డు మాంసం వద్దనుకునేవారు తెర్నేరా అనే పదాన్ని గుర్తుంచుకోవాలి, అది లేత వయసు పశువుది. బాకా, బుయేయ్, రాబో దే తోరో కూడా ఆ జాతివే. కాయోస్ అంటే పొట్టపేగులు, మాడ్రిడ్‌లో అవి పశువువే. సోలోమీయో అని మాత్రమే ఉంటే ఏ జంతువో తేలదు, అది నడుము దగ్గరి మెత్తని కండ పేరు. వెనక ‘దే థేర్దో’ ఉంటే పందిది, ‘దే తెర్నేరా’ ఉంటే పశువుది. ఏమీ లేకపోతే అడగాలి.

పేరు చూసి వదులుకోకూడనివీ ఉన్నాయి. తోసీనో దే సియేలో అంటే ‘స్వర్గపు పందికొవ్వు’. అందులో మాంసం లేదు, గుడ్డు పచ్చసొన, పంచదార పాకంతో చేసిన తీపి. దీనికి ఎదురు కథ మాంతేకా. వెన్నేమో అనిపిస్తుంది. స్పెయిన్‌లో మామూలుగా అది పందికొవ్వు, వెన్నని మాంతెకీయా అంటారు. ఒక్క ‘ఈయా’తో అంత తేడా. క్రిస్మస్‌కు చేసే మాంతెకాదో బిస్కెట్లు ఆ కొవ్వుతోనే చేస్తారు.

మర్నాడు ఇంకో చోట నేను తెలివి చూపించబోయాను. బీన్స్ కూర చెప్పి, ‘సిన్ కార్నే’, మాంసం లేకుండా అన్నాను. వెయిటర్ సరేనని తల ఊపి తెచ్చి పెట్టాడు. బీన్స్ మీద గులాబీ రంగు ముక్కలు. “కార్నే లేదండీ, కొంచెం హమోన్ అంతే” అన్నాడు, ఎంతో మర్యాదగా. అతను మోసం చేయలేదు. ఆ భాషలో కార్నే అంటే పళ్ళెంలో ప్రధానంగా ఉండే మాంసపు ముక్క. హామ్ రుచి కోసం వేసేది, మనం కరివేపాకు వేసినట్టు. చేపని అసలు కార్నేలో లెక్కించరు. ఎముకల రసం, కాల్దో, కూడా వాళ్ళ లెక్కలో రాదు.

అందుకే మూడూ విడివిడిగా చెప్పాలి: ‘నో కోమో నీ కార్నే, నీ హమోన్, నీ పెస్కాదో’. మాంసమూ, హామూ, చేపా ఏదీ తినను అని. తర్వాత వంటకం పేరు చూపించి ‘యేవా హమోన్?’ అని అడగాలి. ఇందులో హమోన్ పడుతుందా అని అర్థం. ఇదే ప్రశ్నలో హమోన్ తీసేసి కాల్దో, ఆతూన్ అని మార్చుకోవచ్చు. ఆతూన్ ట్యూనా.

ఇంకొక ఆధారం ఉంది. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం 2014 డిసెంబరు నుంచి హోటళ్ళు ఏ వంటకంలో ఏ అలెర్జీ పదార్థం ఉందో చెప్పాలి. గుడ్డు, పాలు, చేప, రొయ్య జాతి, వేరుశనగ లాంటివి కలిపి 14. ‘అలేర్హేనోస్’ అని అడిగితే చిన్న బొమ్మలున్న పట్టిక తెచ్చిస్తారు. గుడ్డూ చేపా కనిపెట్టడానికి అది ఎంతో పనికొస్తుంది. అయితే మాంసం ఆ 14లో లేదు. పట్టిక చూసి హమోన్ లేదని అనుకోకండి.

మూడో రోజు అమ్మకి మంచి భోజనం దొరికింది. పాలకూరతో శనగలు, ఎస్పినాకాస్ కోన్ గర్బాన్థోస్, సెవీల్ వాళ్ళ వంట, జీలకర్ర వాసన వస్తూ. ‘యేవా హమోన్?’ అని అడిగి లేదని నిర్ధారించుకున్నాం. దాని వెనక బెరెన్‌హేనాస్ కోన్ మియేల్, వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం. బెరెన్‌హేనా అనే మాట కూడా మన దేశం నుంచి బయలుదేరినదే. సంస్కృతం నుంచి పారశీకంలోకి, అక్కడి నుంచి అరబ్బీలోకి, అరబ్బులతో స్పెయిన్‌కి చేరింది. చివర అర్రోథ్ కోన్ లేచే తెచ్చారు. బియ్యం, పాలు, పంచదార, ఏలకులకు బదులు దాల్చినచెక్క, నిమ్మతొక్క. చల్లగా ఇస్తారు. అమ్మ గిన్నె ఖాళీ చేసి, “పరమాన్నమే, వేడి చేయలేదు అంతే” అంది.

మీరు బయలుదేరే ముందు ఆ రెండు వాక్యాలూ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా వెయిటర్‌కి చూపించవచ్చు.