దసరా అమ్మకాల్లో ప్రకటన వాటా ఎంత?

ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ప్రకటన ఇచ్చిన వ్యాపారి మొదట వేసుకునే లెక్క, ముందు ఎంత అమ్మాం, తరవాత ఎంత అమ్మాం అన్నది. ప్రకటన తప్ప మరేదీ మారలేదనుకుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. మారితే మాత్రం పండగ తెచ్చిన బేరాలు కూడా ప్రకటన ఖాతాలోనే పడిపోతాయి.

ఉదాహరణకు, ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక దుకాణం దసరా ముందు రెండు వారాలు, 10 లక్షల మందిని ఎంచుకుని, 2 లక్షల రూపాయలతో ప్రకటన నడిపిందనుకుందాం. అంతకుముందు రెండు వారాల్లో ఆ జనం నుంచి 1,900 ఆర్డర్లు వచ్చాయి, ఇప్పుడు 2,900. పెరిగినవి వెయ్యి. అదనపు ఆర్డరు ఒక్కటికి 200 రూపాయలే పడిందని సంతోషించవచ్చు.

కన్వర్షన్ లిఫ్ట్ స్టడీలో ఆ 10 లక్షల మందిని ప్రకటన మొదలుకాకముందే చీటీ తీసినట్టు రెండుగా విడదీస్తారు. 8 లక్షల మంది టెస్ట్ గ్రూపు. మిగిలిన 2 లక్షల మంది కంట్రోల్ గ్రూపు, వీళ్లకు ఆ దుకాణం ప్రకటన కనబడనివ్వరు. దసరా మాత్రం ఇద్దరికీ ఒకేలా వస్తుంది. మొత్తం 2,900లో టెస్ట్ గ్రూపువి 2,400, కంట్రోల్ గ్రూపువి 500 అని తేలిందనుకుందాం. ప్రకటన లేకుండానే 2 లక్షల మంది 500 కొన్నారంటే, 8 లక్షల మంది 2,000 కొనేవారే. కాబట్టి ప్రకటన తెచ్చినవి 400. వెయ్యిలో మిగతా 600 ప్రకటన లేకపోయినా వచ్చేవే. ఆర్డరుకు పడిన ఖర్చు 200 కాదు, 500.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. టెస్ట్ గ్రూపులో అందరికీ ప్రకటన చేరదు. చేరినవాళ్లను మాత్రమే ఏరి కంట్రోల్ గ్రూపుతో పోల్చితే ప్రయోగమంతా వృథా అవుతుంది. ప్రకటన ఎక్కువగా చేరేది తరచూ ఫోన్ చూసేవాళ్లకు, కొనే అవకాశం ఉందని వేదిక పసిగట్టినవాళ్లకు. వాళ్లు ఎలాగూ ఎక్కువే కొంటారు. అందుకే చూసినా చూడకపోయినా గ్రూపు మొత్తాన్ని గ్రూపు మొత్తంతోనే పోల్చాలి. ఈ తేడాను గణిత పద్ధతులతో సరిదిద్దవచ్చేమోనని అమెరికాలో 15 ఫేస్‌బుక్ ప్రయోగాలపై పరిశీలించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. ఆ పద్ధతులు చాలాసార్లు అసలు ఫలితానికి దూరంగానే ఉండిపోయాయి, ఎక్కువగా ప్రకటన ప్రభావాన్ని పెంచి చూపాయి.

లిఫ్ట్ స్టడీ అంకెను కూడా ఉన్నదున్నట్టు పట్టుకోకూడదు. ఇన్ని ఆర్డర్లున్నా, కాకతాళీయంగా వచ్చే హెచ్చుతగ్గుల వల్ల 400 అన్నది సుమారు 200 నుంచి 600 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అదే చిన్న దుకాణంలో టెస్ట్ గ్రూపు నుంచి 240, కంట్రోల్ నుంచి 50 ఆర్డర్లే వస్తే, లిఫ్ట్ అదే 20 శాతమైనా, ప్రకటన పనిచేసిందో లేదో చెప్పలేం. అప్పుడు స్టడీని ఇంకొన్ని వారాలు నడపాలి, లేదా కొనుగోలుకు బదులు ‘కార్ట్‌లో వేయడం’ వంటి, మరింత తరచుగా జరిగే పనిని లెక్కించాలి.