ఇంగువ పోపు వాసన మెదడు దాకా ఎలా వెళ్తుంది?

వంటింట్లో ఇంగువ పోపు పడితే, హాల్లో ఫోన్ చూసుకుంటున్న మీకు వెంటనే తెలిసిపోతుంది కదా. ఇంగువలోని గంధకపు అణువులు గాలితో పాటు ముక్కులోకెళ్లి, పైకప్పు దగ్గరున్న పల్చటి జిగట పొరలో కరుగుతాయి. వాసన పట్టే నాడీకణాలు ఉండేది అక్కడే. ఒక్కో కణం మీద దాదాపు ఒకే రకం రిసెప్టర్ ఉంటుంది. మనిషికి ఇలాంటివి సుమారు 400 రకాలు. మరి నాలుగొందలతో వేల వాసనలెలా? ఒక్కో అణువు కొన్ని రకాలను తడుతుంది. ఏవేవి కలిసి స్పందించాయన్నదే ఆ వాసన గుర్తు. ఈ రిసెప్టర్ల జన్యువులను 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌కి 2004లో నోబెల్ వచ్చింది.

ఈ కణాల సన్నటి తీగలు, ముక్కు పైనున్న జల్లెడలాంటి ఎముక రంధ్రాల్లోంచి మెదడు కిందున్న ఘ్రాణగోళంలోకి వెళ్తాయి. ఒకే రకం రిసెప్టర్ ఉన్నవన్నీ తమ ముడుల్లోనే చేరతాయి. తలకి గట్టి దెబ్బ తగిలితే ఈ తీగలే తెగిపోవచ్చు, అందుకే బైక్ ప్రమాదం తర్వాత కొందరికి వాసన పోతుంది. ఘ్రాణగోళం నుంచి సంకేతం, చూపూ వినికిడీ లాగా ముందు థాలమస్‌లో ఆగకుండా, సూటిగా వాసన గుర్తుపట్టే కార్టెక్స్‌కి, భావోద్వేగాల అమిగ్డలాకి వెళ్తుంది.

కోవిడ్‌లో వాసన పోయింది కదా, అప్పుడు వైరస్ ప్రధానంగా దెబ్బకొట్టింది ఈ నాడీకణాలను కాదు, వాటి పక్కనుండే సహాయక కణాలను. చాలామందికి వారాల్లోనే తిరిగొచ్చింది. కొందరికి మాత్రం కాఫీ కూడా మాడు కంపు కొట్టింది. కొత్త కణాల తీగలు వేరే ముడుల్లోకి చేరడం దీనికి ఒక కారణం కావచ్చంటారు.

ఇంకోటి. జండూబామ్ చల్లగా తగిలిందంటే వాసన ఉన్నట్టే అనుకోకండి, ఆ చల్లదనం ముఖానికొచ్చే వేరే నరానిది. పరీక్షించాలంటే కాఫీ పొడి వాసన చూడండి.