గీత దిగింది, ధర దిగలేదు

2024 ఆగస్టు 12న కేంద్ర గణాంక శాఖ జులై నెల రిటైల్ ద్రవ్యోల్బణం లెక్క విడుదల చేసింది. అది 3.54 శాతం. అంతకు ముందు ఏడాది జులైలో 7.44 శాతం. ద్రవ్యోల్బణం నాలుగు శాతం కిందికి రావడం దాదాపు అయిదేళ్లలో అదే మొదటిసారి. ఇలాంటి అంకెలు వచ్చినప్పుడు వార్తల డెస్కులో ఎవరికైనా ముందుగా తోచేది కిందికి జారే ఒక గీత, దాని కింద ‘దిగొచ్చిన ధరలు’ అనే వ్యాఖ్య. అంకెల్లో తప్పు లేదు, గీతలోనూ తప్పు లేదు. ఆ రెండు మాటలే తప్పు.

ఎందుకో చూద్దాం. ద్రవ్యోల్బణం అంటే ధర కాదు, ఏడాది వ్యవధిలో ధర ఎంత పెరిగిందో చెప్పే రేటు. 2022 జులైలో ఒక కుటుంబం 100 రూపాయలకు కొన్న సరుకులే 7.44 శాతం పెరుగుదలతో 2023 జులైలో 107 రూపాయల 44 పైసలు అయ్యాయి. ఆ మొత్తం మీద మరో 3.54 శాతం చేరితే 2024 జులైలో 111 రూపాయల 24 పైసలు. రేటు సగానికి పైగా పడిపోయినా సరుకుల బిల్లు మాత్రం రెండేళ్లలో 11 రూపాయలు పెరిగింది. 2024 జూన్‌తో పోల్చినా అంతే. ఆ ఒక్క నెలలో ద్రవ్యోల్బణం 5.08 నుంచి 3.54కు పడింది. ధరల సూచీ మాత్రం సుమారు 190 నుంచి 193కు ఎక్కింది. ‘దిగొచ్చిన ధరలు’ అని చదివి సంచి పట్టుకుని బజారుకెళ్లిన పాఠకుడికి పత్రిక అబద్ధం చెప్పినట్టే అనిపిస్తుంది.

కాబట్టి ఏ చార్టు వెయ్యాలో తేల్చుకునే ముందు, ఆ బొమ్మ ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో ఒక వాక్యంలో రాసుకోవాలి. ‘ధరలు పెరిగే వేగం నెలనెలా ఎలా మారింది?’ అన్నదే ప్రశ్న అయితే లైన్ చార్టు సరిపోతుంది. అడ్డంగా నెలలు, నిలువుగా శాతాలు. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం నాలుగు శాతం కనుక అక్కడొక చుక్కల గీత గీస్తే పాఠకుడికి కొలబద్ద కూడా దొరుకుతుంది. ‘మా ఇంటి ఖర్చు ఎంత పెరిగింది?’ అన్నది ప్రశ్న అయితే రేటు గీత పనికిరాదు. అక్కడ ధరల సూచీనే గీయాలి. 2022 జులైని 100గా పెట్టుకుంటే గీత 107 మీదుగా 111కు ఎక్కుతుంది. ఒకే లెక్కలోంచి ఒకటి దిగే బొమ్మ, ఒకటి ఎక్కే బొమ్మ వస్తాయి. రెండూ నిజమే. వార్త వేగం గురించా, బిల్లు గురించా అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. చోటుంటే రెండూ పక్కపక్కన వెయ్యడం ఇంకా మేలు.

రెండు జులై నెలలను మాత్రమే పోల్చాలంటే బార్ చార్టు చాలు. కానీ బార్లకు ఒక నియమం ఉంది. మన కన్ను బారు పొడవునే విలువగా చదువుతుంది కనుక నిలువు కొలత సున్నా నుంచే మొదలవ్వాలి. 7.44, 3.54లను మూడు దగ్గర మొదలుపెట్టి గీస్తే పైకి కనిపించే పొడవులు 4.44, 0.54 మాత్రమే. నిజానికి రెండు రెట్లున్న తేడా ఎనిమిది రెట్లుగా కనిపిస్తుంది. లైన్ చార్టులో చూసేది పొడవును కాదు, వాలును. అందుకే అక్కడ సున్నా తప్పనిసరి కాదు. 100 నుంచి 111కు పోయే సూచీని సున్నా నుంచి గీస్తే దాదాపు చదునుగా ఉండి ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. 95 నుంచి మొదలుపెట్టవచ్చు. ఆ సంగతి అంకెల్లో స్పష్టంగా కనబడాలి.

పై చార్టు ఒక మొత్తంలోని వాటాలకే పనికొస్తుంది. ఆహారం, దుస్తులు, ఇంధనాల ద్రవ్యోల్బణ రేట్లు కలిపితే 100 కావు కాబట్టి వాటిని పై ముక్కలుగా కోయడం అర్థం లేని పని. అప్పటి సూచీలో ఒక్కో పద్దుకు ఇచ్చిన ప్రాధాన్యాన్ని మాత్రం అలా చూపవచ్చు. అందులో ఆహారం, పానీయాల వాటా 45.86 శాతం. దాని కింద ‘సంపాదనలో సగం తిండికే’ అని రాస్తే మళ్లీ తప్పే. అది సంపాదనలో వాటా కాదు, ఖర్చులో వాటా. పైగా 2011-12 నాటి సర్వే నుంచి తీసిన దేశవ్యాప్త సగటు.

బొమ్మ సరిగ్గా కుదిరాక కూడా పాఠకుణ్ని దారి తప్పించేది ఎక్కువగా వ్యాఖ్యే. ‘ద్రవ్యోల్బణం 52 శాతం తగ్గింది’ అని రాశారనుకోండి. 7.44 మీద 3.54కు లెక్క కడితే అది సరైనదే. చదివేవారికి మాత్రం ధరలు సగమయ్యాయని వినిపిస్తుంది. ఒక శాతంలోంచి మరో శాతాన్ని తీసేసినప్పుడు వచ్చేది శాతం పాయింట్లు. తగ్గింది 3.90 శాతం పాయింట్లు. అంతకంటే తేలిక, ‘7.44 శాతం నుంచి 3.54 శాతానికి’ అని రెండు అంకెలూ ఇచ్చేయడం.

‘రిజర్వ్ బ్యాంకు చర్యలు ఫలించాయి’ అని రాస్తే చార్టు చూపని కారణాన్ని దానికి అంటగట్టినట్టు. ఈ జులై విషయంలో మరో కారణం లెక్కలోనే ఉంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి పోయింది, కూరగాయల ద్రవ్యోల్బణం 37.34 శాతానికి చేరింది. మరుసటి జులైలో అది 6.83 శాతం. పోలికకు తీసుకున్న ఏడాదే అంత ఎత్తున ఉంటే దానిమీద కొత్త పెరుగుదల చిన్నదిగా కనిపిస్తుంది. దీన్నే బేస్ ఎఫెక్ట్ అంటారు. రెండేళ్ల కిందట 100 రూపాయలైన కూరగాయలు ఆ లెక్కన 147 రూపాయలకు దగ్గరయ్యాయి. అందుకే గీతలో 2023 జులై శిఖరం దగ్గర ‘టమాటా, కూరగాయల ధరలు ఎగసిన నెల’ అని చిన్న గుర్తు పెడితే ఆ తర్వాతి పతనం ఎందుకంత నిటారుగా ఉందో పాఠకుడే తెలుసుకుంటాడు. చార్టును 2023 జులైలోనే మొదలుపెడితే ఆ సంగతి దాగిపోతుంది. కనీసం 2022 నుంచి చూపాలి.

ఇప్పుడు వ్యాఖ్య ఇలా రాయవచ్చు: ‘ధరలు పెరిగే వేగం తగ్గింది. రిటైల్ ద్రవ్యోల్బణం 2023 జులైలో 7.44 శాతం, 2024 జులైలో 3.54 శాతం. నిరుటి జులైలో కూరగాయలు బాగా ప్రియం కావడంతో ఈసారి పెరుగుదల తక్కువగా కనిపిస్తోంది. దేశవ్యాప్త సగటు, తొలి అంచనా. ఆధారం: కేంద్ర గణాంక శాఖ.’ ఇందులో ఏం కొలిచారు, ఎప్పటితో పోల్చారు, ఎక్కడి లెక్క, ఎవరిచ్చారు అన్నవన్నీ ఉన్నాయి. ‘తొలి అంచనా’ అన్న మాట అలంకారం కాదు. నెల తిరిగేసరికి ఆ 3.54ను 3.60గా సవరించారు. ఆ మాట ముందే ఉంటే రెండో అంకె చూసిన పాఠకుడు మొదటిదాన్ని తప్పనుకోడు.

అచ్చుకు పంపే ముందు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. వార్త చదవని మనిషికి చార్టు, వ్యాఖ్య మాత్రమే చూపి ‘మొన్నటి కంటే ఇప్పుడు సరుకులు చవకా, ప్రియమా?’ అని అడగాలి. ‘చవక’ అన్నారంటే బొమ్మో, మాటో మార్చాలి.