వరుసలో ఎన్నోవాడు?

ఒకటో తరగతి పిల్లలకు ఒకటి నుంచి పది దాకా లెక్క వస్తుంది. కానీ పదిమందిని మధ్యాహ్న భోజనం వరుసలో నిలబెట్టి ‘ఐదో పిల్లను చూపించు’ అంటే, కొందరు ఐదుగురినీ కలిపి చుట్టేస్తారు. ఐదు అంటే గుంపు, ఐదో అంటే ఒక్కరే. ఈ తేడా తెలియడానికే క్యూ ఆట.

ముందుగా వడ్డించే బల్ల ఎటుందో పిల్లలకు కనిపించాలి. అది లేకపోతే ‘మొదటి’ అన్నదానికి అర్థమే లేదు. బల్ల దగ్గర నుంచి మొదటి, రెండో, మూడో అంటూ పదో దాకా ఎవరి స్థానం వాళ్లే చెప్పాలి. ఇప్పుడు పిల్లల్ని కదపకుండా బల్లను రెండో చివరకు జరపండి. మూడో స్థానంలోని పిల్ల ఎనిమిదోదవుతుంది, ఐదోవాడు ఆరోవాడవుతాడు. అసలు పాఠం ఇక్కడే ఉంది: స్థానం మనిషికి అంటుకున్న పేరు కాదు. తర్వాత మొదటివాడు అన్నం పెట్టించుకుని వెళ్లిపోతే, వెనకున్న అందరూ ఒక్కో మెట్టు ముందుకొస్తారు.

ఆ తర్వాతే జతపరిచే వర్క్‌షీట్. ఎడమవైపు బల్ల ముందు వరుస బొమ్మ, కుడివైపు మాటలు. మాటల్ని కలగాపులగం చేయాలి. లేకపోతే పిల్లలు చదవకుండానే అడ్డగీతలు గీసేస్తారు. ఇంకో చిక్కుంది: పదికి పది ఉంటే తొమ్మిది కలిపాక చివరిది దానంతటదే కుదురుతుంది. అందుకే ఎనిమిది బొమ్మలకే గుర్తులు పెట్టి, మాటలు మాత్రం పది ఇవ్వడం మేలు.