తప్పు ఎంత, ఎటువైపు, ఎప్పటి నుంచి?

విజయవాడలో ఒక పాల ఉత్పత్తుల డిపో ఉందనుకుందాం. వచ్చే వారం ఏ సరుకు ఎన్ని ట్రేలు పోతుందో ముందుగా లెక్కకట్టి డెయిరీకి ఇండెంట్ పంపడం అక్కడి డిమాండ్ ప్లానర్ పని. ఫిబ్రవరి మొదటి వారం నుంచి ఎనిమిది వారాలకు పెరుగు వారానికి 200 ట్రేలు, మజ్జిగ కూడా 200 ట్రేలు అని ఆమె అంచనా వేశారు. ఎనిమిది వారాలూ గడిచాక ఆర్డర్లు చూస్తే పెరుగు ఇలా ఉంది: 220, 180, 216, 184, 222, 178, 218, 182. మజ్జిగ ఇలా: 205, 194, 214, 218, 222, 226, 225, 228.

నెలాఖరు మీటింగులో పైవాళ్లు అడిగేది ఒక్కటే: మన మేప్ ఎంత?

మేప్ అంటే సగటు శాతం తప్పు. లెక్క సులువు. ప్రతి వారం అంచనాకు, వాస్తవానికి ఉన్న తేడా తీసుకుంటారు. ఎక్కువా తక్కువా అన్నది పట్టించుకోరు. ఆ తేడాను వాస్తవ అమ్మకంతో భాగించి శాతంగా మారుస్తారు. చివరికి అన్ని వారాలకూ సగటు కడతారు. పెరుగులో మొదటి వారం 20 ట్రేల తేడా, దాన్ని 220తో భాగిస్తే 9.1 శాతం. రెండో వారం కూడా తేడా 20 ట్రేలే, కానీ ఈసారి భాగించేది 180తో కాబట్టి 11.1 శాతం. ఎనిమిది వారాలకూ ఇలాగే చేస్తే పెరుగు మేప్ 9.6 శాతం, మజ్జిగ మేప్ 8.1 శాతం అని తేలుతుంది.

అంటే మీటింగులో మజ్జిగ అంచనాకు మెచ్చుకోలు, పెరుగు అంచనాకు సంజాయిషీ. ఈ తీర్పు తలకిందులైనది. ఎందుకో తెలియాలంటే మేప్ పక్కన పెట్టేసిన ప్లస్, మైనస్ గుర్తుల్ని మళ్లీ తెచ్చుకోవాలి.

వాస్తవంలోంచి అంచనా తీసేస్తే పెరుగుకు వచ్చే తప్పులు +20, −20, +16, −16, +22, −22, +18, −18. అన్నీ కలిపితే సున్నా. మజ్జిగకు +5, −6, +14, +18, +22, +26, +25, +28. కలిపితే 132 ట్రేలు. ఎనిమిదితో భాగిస్తే వారానికి 16.5 ట్రేలు. దీన్నే బయాస్ అంటారు. తప్పు ఎంతన్నది మేప్ చెబితే, ఎటువైపన్నది బయాస్ చెబుతుంది. మజ్జిగ అంచనా వారానికి సగటున పదహారున్నర ట్రేలు తక్కువగా ఉంటూ వచ్చింది. ఎండలు ముదురుతుంటే చలికాలం లెక్క పట్టుకుని కూర్చున్నారన్నమాట.

ఇక్కడే ఒక చిన్న చిక్కు. కొన్ని ఆఫీసుల్లో వాస్తవంలోంచి అంచనా తీసేస్తారు, కొన్నిచోట్ల అంచనాలోంచి వాస్తవం తీసేస్తారు. మొదటి పద్ధతిలో ప్లస్ అంటే సరుకు చాలలేదని, రెండో పద్ధతిలో అదే ప్లస్‌కు సరుకు మిగిలిందని అర్థం. సేల్స్ వాళ్ల ఎక్సెల్ ఒక పద్ధతిలో, ప్లానింగ్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఇంకో పద్ధతిలో ఉంటే, తక్కువ అంచనాను సరిదిద్దబోయి ఇంకా తగ్గించే ప్రమాదం ఉంది. రిపోర్టు తలపైనే పద్ధతి ఏదో రాసి పెట్టుకోవడం మేలు.

పెరుగులో ఉన్న తప్పుకూ మజ్జిగలో ఉన్న తప్పుకూ మందు ఒకటి కాదు. పెరుగు తప్పు అటూ ఇటూ ఊగేది. దాన్ని అంచనా మార్చి తగ్గించడం కష్టం, కొంత అదనపు నిల్వ పెట్టుకుని తట్టుకోవాలి. ప్లానర్లు దీన్ని సేఫ్టీ స్టాక్ అంటారు. గుర్తులు వదిలేసి తప్పుల సగటు తీస్తే పెరుగుకు 19 ట్రేలు వస్తుంది. ఈ సగటుకు మ్యాడ్ అని పేరు. తప్పులు మామూలు గంట ఆకారపు పంపిణీలో ఉంటే మ్యాడ్‌ను 1.25తో గుణిస్తే స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర దగ్గరగా వస్తుంది. ఇరవై వారాల్లో పందొమ్మిది వారాలు సరుకు అందాలంటే దాన్ని మళ్లీ 1.65తో గుణించాలి. పెరుగుకు దాదాపు 39 ట్రేలు అదనంగా ఉంచితే సరిపోతుంది.

మజ్జిగ మ్యాడ్ 18. అదే సూత్రం పెడితే 37 ట్రేల సేఫ్టీ స్టాక్ వస్తుంది. కాగితం మీద రెండు సరుకులకూ దాదాపు ఒకే రక్షణ. కానీ ఎనిమిదో వారం నాటికి ఆ 37లో 28 ట్రేలు అంచనాలోని లోటు పూడ్చడానికే అయిపోతాయి. అనుకోని పెళ్లి ఆర్డరో, వడగాలుల వారమో వస్తే తట్టుకోవడానికి చేతిలో మిగిలేది తొమ్మిది. ఒకవైపే ఒరిగిన తప్పును నిల్వ పెంచి కప్పిపుచ్చుతూ పోతే ఆ నిల్వ ఎప్పటికీ చాలదు. అంచనానే సరిదిద్దాలి.

మరి ఎప్పుడు సరిదిద్దాలి? ఎనిమిది వారాలు ఆగాక 132 ట్రేల లోటు ఎవరికైనా కనిపిస్తుంది. రెండు వారాలు వరసగా ప్లస్ వచ్చిందని అంచనా మార్చేస్తే అది కంగారు అవుతుంది. ఒరుగుడు నిజమైనదా, కాకతాళీయమా అని వారం వారం తేల్చే కొలత కావాలి. అమెరికాలో ఇన్వెంటరీ అంచనాలకు గణిత పునాది వేసినవారిలో ఒకరైన రాబర్ట్ జి. బ్రౌన్ ఈ సమస్య మీద పనిచేశారు. 1959లో వచ్చిన ఆయన పుస్తకం ఈ రంగంలో చాలాకాలం పాఠ్యపుస్తకంలా నిలిచింది. ఆయన ప్రతిపాదించిన ట్రాకింగ్ సిగ్నల్‌లో ఆలోచన ఇది: ఇప్పటిదాకా వచ్చిన తప్పుల్ని గుర్తులతో సహా కూడి, ఆ మొత్తాన్ని ఇప్పటిదాకా ఉన్న మ్యాడ్‌తో భాగించాలి.

ఈ భాగహారంలోనే కిటుకు ఉంది. 50 ట్రేల లోటు పెద్దదా చిన్నదా అన్నది ఆ సరుకు మామూలుగా ఎంత ఊగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. వారానికి 5 ట్రేలు ఊగే సరుకుకు 50 భారీ లోటు. 40 ఊగే సరుకుకు అది లెక్కలోకే రాదు.

మజ్జిగకు వారం వారం వేసి చూద్దాం. మొదటి వారం మొత్తం తప్పు 5, మ్యాడ్ 5, సిగ్నల్ 1. రెండో వారం −6 రావడంతో మొత్తం −1కి పడి, సిగ్నల్ దాదాపు సున్నా. మూడో వారం 1.6, నాలుగో వారం 2.9. ఐదో వారం మొత్తం తప్పు 53, మ్యాడ్ 13, సిగ్నల్ 4.1. చాలా సంస్థలు +4, −4 మధ్య ఉంటే ఊరుకుంటాయి, దాటితే విచారణ మొదలుపెడతాయి. అంటే ఐదో వారమే గంట మోగింది. ఆ రోజుకు మజ్జిగ మేప్ ఎంతో తెలుసా? 6 శాతం. ఏ మీటింగులోనైనా చప్పట్లు కొట్టించుకునే అంకె అది. పెరుగు సిగ్నల్ మాత్రం ఎనిమిది వారాల్లో ఎన్నడూ 1.2 దాటలేదు.

గంట మోగితే అంచనాను గుడ్డిగా పెంచమని కాదు, కారణం వెతకమని. ఎండలు వచ్చాయా, పక్క డిపో మూతపడి దాని దుకాణాలు ఇటు వచ్చాయా, పోటీ కంపెనీ ధర పెంచిందా, లేక ఒకే ఆర్డర్ రెండుసార్లు ఎంట్రీ అయిందా అని చూడాలి. కారణం తెలిసి అంచనా మార్చిన రోజునే తప్పుల మొత్తాన్ని సున్నాకు తేవాలి. చాలామంది ఇది మరిచిపోతారు. పాత 53 అలాగే ఉండిపోతే, కొత్త అంచనా ఎంత బాగున్నా సిగ్నల్ వారాల తరబడి హద్దు దగ్గరే తచ్చాడుతుంది. కొన్నాళ్లకు దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఈ కొలతకు స్వభావసిద్ధమైన మందగతి కూడా ఉంది. తప్పులన్నీ ఒకే గుర్తుతో వచ్చినా మూడో వారానికి సిగ్నల్ 3 దాటదు, నాలుగో వారానికి 4 దాటదు. అంటే హద్దు 4 పెట్టుకుంటే ఐదో వారం కంటే ముందు అది మోగే అవకాశమే లేదు. వారం లెక్కల్లో ఇది ఫర్వాలేదు కానీ, నెలవారీ అంచనాలు వేసే చోట ఐదు నెలలు పోయినట్టే. అందుకే వాళ్లు హద్దు తగ్గించుకుంటారు, లేదా 1964లో ట్రిగ్ అనే పరిశోధకుడు సూచించిన మార్పును వాడతారు. అందులో పాత తప్పుల బరువు క్రమంగా తగ్గిపోతుంది, సిగ్నల్ −1కీ +1కీ మధ్యే తిరుగుతుంది.

మళ్లీ మేప్ దగ్గరికి వస్తే, దానిలో ఇంకో లోపం ఉంది. అంచనా 50, వాస్తవం 100 అయితే తప్పు 50 శాతం. అంచనా 100, వాస్తవం 50 అయితే తప్పు 100 శాతం. తేడా రెండుచోట్లా 50 ట్రేలే. తక్కువ అంచనాకు శిక్ష 100 శాతం దగ్గర ఆగిపోతుంది, ఎక్కువ అంచనాకు హద్దే లేదు. బోనస్ మేప్ మీద ఆధారపడితే తెలివైన ప్లానర్ అంచనాల్ని కాస్త దించి రాయడం నేర్చుకుంటారు. మేప్ అందంగా ఉంటుంది, దుకాణంలో సరుకు ఉండదు. బయాస్‌ను పక్కనే చూపించే రిపోర్టులో ఈ ఎత్తు పారదు.

అప్పుడప్పుడూ పోయే సరుకుల్లో పరిస్థితి మరీ అన్యాయం. రెండు ప్యాకెట్లు పోయే చోట ఐదు అనుకుంటే 150 శాతం తప్పు. ఏమీ పోని వారం అయితే సున్నాతో భాగించాలి, అది కుదరదు. 2020లో వాల్‌మార్ట్ అమెరికా దుకాణాల డేటాతో జరిగిన ఎం5 అంచనాల పోటీలో సున్నా అమ్మకాల రోజులు కుప్పలుగా ఉన్నాయి. నిర్వాహకులు మేప్ వాడలేదు, వేరే కొలత పెట్టుకున్నారు. మామూలు డిపోకు అంత దూరం వెళ్లాల్సిన పనిలేదు. గుర్తులు వదిలేసి తప్పులన్నీ కూడి, అమ్మకాలన్నీ కూడి, మొదటిదాన్ని రెండోదానితో ఒకేసారి భాగిస్తే చాలు. మజ్జిగకు 144ను 1732తో భాగిస్తే 8.3 శాతం.

ఈ కొలతలన్నీ వాస్తవం అనే గడిని నమ్ముకుని నడుస్తాయి. ఆ గడిలో ఏం రాస్తున్నారన్నదే అసలు గొడవ. మన మజ్జిగ కథలో దుకాణాలు అడిగినంతా రాశాం కాబట్టి గంట మోగింది. కానీ డెయిరీ ఇండెంట్ ప్రకారం 200 ట్రేలే పంపి, డిపో 200 అమ్మి, కంప్యూటర్‌లో 200 అమ్మకం ఎక్కిస్తే? మూడో వారం నుంచీ తప్పు సున్నా, మేప్ సున్నా వైపు, సిగ్నల్ నిశ్శబ్దం. ఖాళీ చేతులతో తిరిగి వెళ్లిన 28 ట్రేల ఆర్డర్ ఎక్కడా కనిపించదు. అందుకే లేదని చెప్పి పంపేసిన ఆర్డర్లకు కూడా ఒక కాలమ్ పెడతారు.

దీనికి ఎదురు తప్పు 2001లో సిస్కోలో జరిగింది. నెట్‌వర్క్ పరికరాలు దొరక్క, కొనేవాళ్లు ఒకే అవసరానికి రెండు మూడు చోట్ల ఆర్డర్లు పెట్టారు. ఎవరు ముందు ఇస్తే వాళ్ల దగ్గర తీసుకుని మిగతావి రద్దు చేయవచ్చని లెక్క. ఆ ఆర్డర్లనే గిరాకీ అనుకున్న సిస్కో విడిభాగాలు పోగేసింది. మార్కెట్ చల్లబడ్డాక ఆ ఏడాది మేలో దాదాపు 225 కోట్ల డాలర్ల నిల్వను నష్టంగా రాసుకోవాల్సి వచ్చింది. ఆర్డర్ల పుస్తకంతో పోల్చి ఎన్ని ట్రాకింగ్ సిగ్నళ్లు వేసినా అది ముందుగా బయటపడేది కాదు, ఎందుకంటే ఆ పుస్తకమే ఉబ్బిపోయి ఉంది.