గాజు గోడ లేని బాత్రూముకు తెర

మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటుంది. వెడల్పు సుమారు ఐదడుగులు, పొడవు ఏడెనిమిది అడుగులు. తలుపు తీయగానే వాష్ బేసిన్, తర్వాత కమోడ్, చివరి గోడ దగ్గర షవర్. మధ్యలో ఏ అడ్డూ ఉండదు. ఒకరు స్నానం చేసి వస్తే కమోడ్ సీటు తడి, గుమ్మం ముందు కాలిపట్ట తడి. తర్వాత వెళ్లేవాళ్లు పంచె పైకెత్తుకునో, చీర కుచ్చిళ్లు పట్టుకునో అడుగు పెట్టాలి. గ్లాస్ పార్టిషన్ పెట్టించాలంటే ఖర్చు వేలల్లో ఉంటుంది. అద్దె ఇల్లయితే ఆ డబ్బు యజమానికి వదిలేసి వెళ్లడమే. కొన్ని వందల రూపాయల్లో అయ్యే రాడ్డూ, ప్లాస్టిక్ తెరా ఈ పనిని బాగానే చేస్తాయి. కాకపోతే రాడ్డు కొనేముందు నేలను చూడాలి.

తెర ఆపేది చిందే నీళ్లను మాత్రమే. నేల మీద పారే నీళ్లను అది ఆపలేదు. బాత్‌టబ్ ఉన్న ఇళ్లలో తెర అంచు టబ్బులోకి వేలాడుతుంది కాబట్టి దాని మీద జారిన నీళ్లన్నీ టబ్బులోనే పడతాయి. మనకు టబ్బులు లేవు, నీళ్లు నేల మీదే పడతాయి. అందుకని ముందు షవర్ కింద ఒక బకెట్ నీళ్లు పోసి అవి ఎటు వెళ్తున్నాయో చూడండి. నీళ్లు పోయే జాలీ షవర్ వైపే ఉండి, నేల అటే వాలి ఉంటే సగం పని అయినట్టే. మీటరు దూరానికి ఒక సెంటీమీటరు వాలు ఉన్నా నీళ్లు నిలవకుండా వెళ్లిపోతాయి. జాలీ కమోడ్ పక్కన ఉంటే మాత్రం ఎంత మంచి తెర కట్టినా నీళ్లు దాని కిందుగా ఇవతలికి వస్తాయి. అలాంటి చోట మేస్త్రీతో రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున సన్నటి గ్రానైట్ పట్టీ అడ్డంగా వేయించి, షవర్ వైపు మరో జాలీ పెట్టించాలి. రెండో జాలీ లేకుండా పట్టీ ఒక్కటే వేయిస్తే స్నానం చేసే చోట మడుగు కడుతుంది. పట్టీ ఉన్నప్పుడు తెర దాని లోపలి వైపున, దాని పై అంచు కంటే కాస్త కిందికి దిగేలా ఉండాలి. బయటి వైపు వేలాడితే తెర మీది నీళ్లన్నీ మీరు ఆరబెట్టాలనుకున్న వైపే కారతాయి.

ఇక రాడ్డు. టెన్షన్ రాడ్‌లో ఒక గొట్టంలో మరో గొట్టం దూరి ఉంటుంది. లోపల గట్టి స్ప్రింగ్, రెండు చివర్లా రబ్బరు బిళ్లలు. తిప్పి పొడవు పెంచి ఎదురెదురు గోడల మధ్య బిగిస్తే స్ప్రింగు రెండు వైపులా నెడుతుంది, రబ్బరు టైల్‌ను పట్టుకుంటుంది. మేకు అక్కర్లేదు, డ్రిల్ అక్కర్లేదు. ఇల్లు మారేటప్పుడు విప్పి పట్టుకెళ్లొచ్చు. ఫిక్స్‌డ్ రాడ్ అయితే గోడకు స్క్రూలతో బిగించిన రెండు బ్రాకెట్ల మీద కూర్చుంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే పని చేస్తాయి గానీ బరువును మోసే తీరు వేరు. టెన్షన్ రాడ్‌ను నిలబెట్టేది రాపిడి మాత్రమే. ఆ రాపిడి తగ్గితే అది జారక తప్పదు.

రాపిడి తగ్గడానికి బాత్రూములో కారణాలకు కొదవలేదు. టైల్ మీద సబ్బు జిడ్డు పేరుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ రబ్బరు నొక్కుకుపోయి గట్టిపడుతుంది, స్ప్రింగు బిగువు కొంత సడలుతుంది. గోడలు రెండూ సమాంతరంగా లేకపోతే రబ్బరు బిళ్లలో ఒక అంచు మాత్రమే టైల్‌కు తగులుతుంది. వీటన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది తెరను విసురుగా పక్కకు లాగే అలవాటు. తెర బరువు పెద్దది కాదు, తడిసినా రాడ్డు దాన్ని సులువుగానే మోస్తుంది. లాగిన ప్రతిసారీ వచ్చే కుదుపు మాత్రం బిళ్లను కొద్దికొద్దిగా కిందికి జరుపుతుంది. అందుకే బిగించిన రోజే రబ్బరు బిళ్ల కింది అంచు దగ్గర పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. వారం తర్వాత బిళ్ల గీత కిందికి దిగి ఉంటే రాడ్డు జారుతోందని అర్థం. మొత్తంగా ఊడి పడకముందే విప్పి, టైల్‌నూ రబ్బరునూ స్పిరిట్‌తో తుడిచి, ఇంకాస్త బిగువుగా పెట్టాలి.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. ఐదడుగులు, ఎనిమిదడుగుల బాత్రూమ్. షవర్ ఉన్న గోడ నుంచి మూడడుగులు వదిలి రాడ్డు పెడితే కమోడ్ బయట ఉంటుంది, లోపల మనిషి చేతులు తిప్పుకునేంత చోటు మిగులుతుంది. గోడల మధ్య దూరం నేల దగ్గర కొలిస్తే చాలదు, రాడ్డు వచ్చే ఎత్తులోనే కొలవాలి. టైళ్ల వెనక సిమెంటు మందం అన్నిచోట్లా ఒకలా ఉండదు. మన కొలత 150 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. తెర కనీసం 180 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, అప్పుడే మడతలు పడుతూ రెండు గోడలకూ ఆనుతుంది. ఇక్కడే చాలామంది కొనుగోలు తప్పుతుంది. మన మార్కెట్లో నాలుగున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు తెరలు బాగా కనిపిస్తాయి. నాలుగున్నర అడుగులంటే 137 సెంటీమీటర్లు. బిగదీసి పరిచినా పక్కన 13 సెంటీమీటర్ల సందు మిగులుతుంది. ఆ సైజే దొరికితే రెండు కొని, మధ్యలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేయాలి.

ఎత్తు లెక్క కింది నుంచి వెయ్యాలి. తెర నేలకు తగలకూడదు, మూడు సెంటీమీటర్లు పైన ఆగాలి. తెర పొడవు 200 సెంటీమీటర్లయితే, రింగులకు ఇంకో ఐదు కలిపి, రాడ్డు 208 సెంటీమీటర్ల ఎత్తున రావాలి. మన బాత్రూముల్లో గీజరు, పాత సామాన్లు పెట్టే అటక చాలాచోట్ల ఏడడుగుల ఎత్తునే, అంటే 213 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. ఏడడుగుల తెర దాని కింద ఇమడదు, నేలను ఊడుస్తుంది. ప్లాస్టిక్ తెర అయితే అడుగున కత్తెరతో కోసేయొచ్చు, పోగులు రావు. పాలిస్టర్ గుడ్డ తెర అయితే దర్జీతో అంచు కుట్టించాలి.

రాడ్డు రెండు చివరలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని నేల నుంచి కొలిచి చూసుకోవద్దు. నేల జాలీ వైపు వాలి ఉంటుంది కాబట్టి రాడ్డు కూడా అటే వాలుతుంది, రింగులన్నీ ఒక మూలకు చేరతాయి. రెండు గోడల మీదా ఒకే టైళ్ల వరస గీతను ఆధారంగా తీసుకుని, చివరికి రసమట్టం పెట్టి చూసుకోవడం నమ్మకమైన పద్ధతి. టెన్షన్ రాడ్‌ను గోడల దూరం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ పొడవుకు తిప్పి, స్ప్రింగును నొక్కుతూ గోడల మధ్యకు చేర్చాలి. సరిపోయిందో లేదో తెలియాలంటే మధ్యలో రెండు వేళ్లతో కిందికి నొక్కండి, కదలకూడదు. అలాగని బలమంతా పెట్టి బిగించొద్దు. టైల్‌ను వేలి కణుపుతో తడితే డొల్ల శబ్దం వస్తుంటే దాని వెనక సిమెంటు సరిగ్గా అతుక్కోలేదని గుర్తు. అలాంటి టైల్ స్ప్రింగు ఒత్తిడికే పగలొచ్చు.

ఐదారు అడుగుల దూరం దాటితే టెన్షన్ రాడ్ మధ్యలో వంగుతుంది. షవర్ మూలన ఉండి తెర రెండు వైపులా రావాల్సిన చోట అది అసలు పనికిరాదు, నెట్టడానికి ఎదురు గోడ ఉండదు. అక్కడ ఎల్ ఆకారపు ఫిక్స్‌డ్ రాడ్డే గతి, మూల దగ్గర పై కప్పు నుంచి ఒక ఊత కూడా దానికి కావాలి. అటక రేకుదో, జిప్సమ్‌దో అయితే ఆ ఊత నిలవదు.

ఫిక్స్‌డ్ రాడ్‌కు భయపడాల్సింది డ్రిల్ చేసేటప్పుడే. కుళాయికి నిట్టనిలువుగా పైన, గీజర్ నుంచి దిగే దారిలో గోడ లోపల పైపులు ఉంటాయి. ఆ గీతల జోలికి పోవద్దు. గీజర్ స్విచ్ వైపు కరెంటు తీగలు ఉంటాయి, అదీ చూసుకోవాలి. టైల్ మీద మాస్కింగ్ టేప్ అంటించి, టైల్‌కు సరిపోయే బిట్‌తో నెమ్మదిగా తొలవాలి. టైల్ మందం దాటేదాకా డ్రిల్లులో హ్యామర్ మోడ్ వేయకూడదు, వేస్తే పగులు ఖాయం. టైల్ అంచుకు మరీ దగ్గరగా కూడా తొలవొద్దు. ప్లాస్టిక్ ప్లగ్‌ను టైల్ దాటి లోపలి గోడలోకి దిగేలా కొట్టాలి. అది టైల్ మందంలోనే ఉండిపోతే స్క్రూ తిప్పినప్పుడు ఉబ్బి టైల్‌ను చీలుస్తుంది. రంధ్రంలో కాస్త సిలికాన్ పెట్టి స్క్రూ బిగిస్తే గోడలోకి నీరు చేరదు. స్క్రూలూ రాడ్డూ స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. బోరు నీళ్ల ఊళ్లలో మామూలు ఇనుము మీది మెరుపు పూత ఎక్కువ రోజులు నిలవదు.

తెర విషయానికొస్తే, పైన అందమైన గుడ్డ తెర, లోపల ప్లాస్టిక్ లైనర్ అనే జంట బాత్‌టబ్ ఇళ్లకు తగినది. మన తడి బాత్రూముకు లైనర్ ఒక్కటి చాలు, రెండోది ఆరక ముక్కవాసన తెస్తుంది. కొత్తది విప్పగానే ఘాటు వాసన కొట్టేది ఎక్కువగా పీవీసీ. క్లోరిన్ లేని పెవా రకానికి ఆ వాసన తక్కువ, కాస్త ఎక్కువ పెట్టి అదే తీసుకోవాలని నా మాట. షవర్ తిప్పగానే తెర లోపలికి ఉబ్బి ఒంటికి అంటుకోవడం అందరికీ అనుభవమే. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ష్మిట్ దీన్ని కంప్యూటర్ మీద లెక్కకట్టి చూశారు. జల్లు లోపలి గాలిని సుడి తిప్పుతుందని, సుడి మధ్య పీడనం తగ్గి తెరను లాగుతుందని ఆయన వివరణ. దానికి 2001లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. విరుగుడు అడుగున బరువు. కొన్ని లైనర్ల అంచులో అయస్కాంతాలు కుట్టి ఉంటాయి గానీ అవి అంటుకునేది ఇనుప టబ్బుకే, మన టైళ్లకు కాదు. మనకు అవి బరువుగా మాత్రమే పనికొస్తాయి. తెర రెండు అంచులనూ నీళ్లతో తడిపి గోడకు అద్దితే అక్కడ అంటుకుని నిలుస్తుంది.

స్నానం అయ్యాక తెరను కుప్పగా ఒక పక్కకు నెట్టేస్తే మడతల్లో తడి నిలిచి నల్ల మచ్చలు, గులాబీ రంగు జిగురు వస్తాయి. పూర్తిగా పరిచి వదిలితే కొన్ని గంటల్లో ఆరుతుంది. ఉప్పునీటి తెల్లపొర పడితే వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవండి. అడుగు అంచు నల్లబడి ఎంత రుద్దినా పోకపోతే తెర మార్చేయడమే మేలు.

నా తీర్పు ఇది. అద్దె ఇల్లు, ఎదురెదురు గోడలు, ఐదడుగుల దూరం అయితే టెన్షన్ రాడ్ నిస్సందేహంగా సరిపోతుంది. సొంత ఇల్లయితే, పిల్లలుంటే ఫిక్స్‌డ్ రాడ్డే పెట్టించండి. కాలు జారినప్పుడు చెయ్యి దగ్గర్లో ఉన్నదాని మీదికే పోతుంది, కానీ ఈ రెండు రాడ్లలో ఏదీ మనిషి బరువును ఆపదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే తెర రాడ్డుతో పాటు, గోడలోకి గట్టిగా దిగిన పట్టుకడ్డీ ఒకటి షవర్ పక్కన విడిగా బిగించండి.