చిమ్నీలోంచి పోయే బొగ్గు

మన ఊళ్ల దగ్గర ఇటుకలను ఎక్కువగా ఆవం పేర్చి, ఊకా కట్టెలూ వేసి కాలుస్తారు. గంగా మైదానంలోనూ బంగ్లాదేశ్‌లోనూ పద్ధతి వేరు. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కందకం, నడిమధ్య ఎత్తైన చిమ్నీ. 1876లో బుల్ అనే ఆంగ్లేయ ఇంజనీరు రూపొందించిన బట్టీకి ఇది వారసత్వం. ఇందులో ఇటుకలు కదలవు, మంటే వాటి మధ్య చుట్టూ తిరుగుతుంది. కాలిన ఇటుకల మీదుగా వచ్చే గాలి వేడెక్కి మంటను చేరుతుంది. మంట దాటిన వేడి ముందున్న పచ్చి ఇటుకలను ఆరబెడుతుంది.

ఇంత పొదుపైన ఏర్పాటులో నల్లపొగ ఎందుకు? తప్పంతా బొగ్గు వేసే తీరులో ఉంది. పైకప్పులోని మూతలు తీసి పారలతో బొగ్గు గబగబా కుమ్మరించి, అరగంట విశ్రాంతి తీసుకుంటారు. ఒక్కసారిగా అంత బొగ్గు పడితే దానికి చాలినంత గాలి అందదు. బొగ్గులోంచి లేచిన ఆవిరి మండకుండానే మసిగా మారి చిమ్నీ ఎక్కుతుంది. ఆ తర్వాత విరామంలో బొగ్గు అయిపోయి, వచ్చే గాలి బట్టీని చల్లబరుస్తుంది. పైగా ఇటుకల వరసల మధ్య సందులు తిన్నగా ఉంటాయి కాబట్టి గాలీ ఆవిరీ కలవకుండా సర్రున పోతాయి.

జిగ్‌జాగ్ బట్టీలో ఇటుకలను గదులు గదులుగా పేర్చి, ఒక గదికి కుడివైపు చివర, తర్వాతి గదికి ఎడమవైపు చివర దారి వదులుతారు. గాలి వంకరటింకరగా తిరుగుతూ సుడులు పడి మంటతో బాగా కలుస్తుంది. ఒక్కడే మనిషి పొడి చేసిన బొగ్గును చిన్న గరిటెతో, ఎక్కువ వరసల మీద కొద్దికొద్దిగా, ఆపకుండా వేస్తుంటాడు. గాలి లాగడానికి కొన్నిచోట్ల ఫ్యాను పెడతారు. కరెంటు నమ్మకం లేనిచోట ఎత్తైన చిమ్నీయే చాలు.

లాభం ఎంత? లక్ష ఇటుకలకు 18 టన్నుల బొగ్గు కాల్చే పాత బట్టీ ఉందనుకుందాం. సీజన్‌లో 40 లక్షల ఇటుకలకు 720 టన్నులు కావాలి. బాగా నడిపే జిగ్‌జాగ్ ఇందులో దాదాపు ఐదో వంతు, అంటే 140 టన్నులకు పైగా మిగులుస్తుంది. మసి, దుమ్ము సగానికి పైగా తగ్గుతాయి. సరిగ్గా కాలని ఇటుకలూ తగ్గుతాయి.

"బాగా నడిపితే" అన్న షరతు చిన్నది కాదు. బంగ్లాదేశ్‌లో చాలామంది యజమానులు జిగ్‌జాగ్‌కు మారాక కూడా పాత అలవాటునే బొగ్గు కుమ్మరించారు, ఇటుకలు ఒత్తుగా పేర్చారు. పొగ నల్లగానే వచ్చింది. అక్కడి 276 బట్టీల మీద జరిగిన అధ్యయనం 2025లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. గరిటె ఎలా వేయాలో, ఇటుక ఎలా పేర్చాలో నేర్పితే మూడింట రెండు వంతుల బట్టీలు ఆచరించాయి. ఆచరించినవాటిలో ఇంధనం 23 శాతం తగ్గింది. కొత్త యంత్రమేదీ కొననక్కర్లేకపోయింది.

మన కేంద్ర పర్యావరణ శాఖ 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ బట్టీలన్నీ జిగ్‌జాగ్‌కో, నిలువు బట్టీకో, పైపు గ్యాస్‌కో మారాలంటోంది. మంచిదే. కానీ కట్టడం మార్చి, కాల్చేవాడికి శిక్షణ ఇవ్వకపోతే సగం పనే అయినట్టు.